98.2 శాతం యాక్యురసీ వచ్చింది, బాబాయ్ మాత్రం ఫిల్టర్ తీసేయమంటున్నాడు

కృష్ణలంక కుర్రోడు · శనివారం రాత్రి 9:40

ఫైనలియర్ ప్రాజెక్టు కింద స్పామ్ ఫిల్టర్ చేశాను. అందరూ వాడే ఎస్సెమ్మెస్ డేటా నాకెందుకులే అనుకుని, గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయ్ కమీషన్ షాపు మెయిల్ బాక్సు తీసుకున్నాను. మెయిల్ సర్వీసుకు సొంత ఫిల్టర్ ఎలాగూ ఉంది. దాన్ని కూడా దాటుకుని ఇన్‌బాక్సులోకి వచ్చిన మెయిల్సే నా డేటా. పాతవి ట్రైనింగుకు, ఆ తర్వాత వచ్చిన 2000 మెయిల్స్ టెస్టుకు పెట్టాను. బాబాయ్, నేను కూర్చుని ఏది స్పామో ఏది కాదో ఒక్కొక్కటీ గుర్తు పెట్టాం. టెస్టులో స్పామ్ 40 తేలింది. మోడల్ నాయీవ్ బేయిస్.

యాక్యురసీ 98.2 వచ్చింది. మా గైడ్ గారు "బాగుంది, రిపోర్ట్ రాసెయ్" అన్నారు. అదే ఫిల్టర్ షాపు కంప్యూటర్లో పెడితే బాబాయ్ వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. "ఇండోర్ పార్టీ పంపిన ఆర్డర్ మెయిల్ ఎక్కడో దాచేసింది. లోన్ ఇస్తాం, లాటరీ తగిలింది అనేవి మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాయి. తీసెయ్ రా బాబూ" అని.

వందకు రెండు తప్పులు కూడా లేని ఫిల్టర్ ఇంత దరిద్రంగా ఎలా కనిపిస్తోంది? బాబాయ్ ఊరికే చిరాకు పడుతున్నాడా?

పటమట కోడర్ · రాత్రి 9:58

బాబాయ్ చెప్పిందే నిజమై ఉంటుంది. యాక్యురసీ సంగతి కాసేపు వదిలెయ్ తమ్ముడూ, కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్ ప్రింట్ చేసి ఇక్కడ పెట్టు. స్పామ్‌ని 1 అనుకున్నావా 0 అనుకున్నావా, అది కూడా చెప్పు.

ఆటోనగర్ శీను · రాత్రి 10:05

స్పామ్ గోల నాకూ ఉంది బ్రదర్. రోజుకి పది లోన్ కాల్స్. 1909కి మెసేజ్ పెట్టి డీఎన్‌డీ ఆన్ చేయించుకో, చాలా తగ్గుతాయి. దీనికి ప్రాజెక్టులెందుకు?

కృష్ణలంక కుర్రోడు · రాత్రి 10:21

శీను అన్నా, నాది మెయిల్ గొడవ, కాల్స్ కాదు. అయినా థాంక్స్.

కోడర్ అన్నా, ఇదిగో. స్పామ్ 1, మంచి మెయిల్ 0.

```
print(confusion_matrix(y_test, pred))

[[1948   12]
 [  24   16]]
```

పటమట కోడర్ · రాత్రి 10:47

నీ కథంతా ఈ నాలుగు అంకెల్లోనే ఉంది. చదివే ముందు ఒక చిన్న తనిఖీ. నువ్వు వాడిన సైకిట్-లెర్న్ లైబ్రరీలో అడ్డవరస అసలు నిజాన్ని చెబుతుంది, నిలువువరస నీ ఫిల్టర్ అన్న మాటని. కొన్ని పుస్తకాల్లో తిరగేసి వేస్తారు, అలా చూసి చదివితే ప్రెసిషన్, రీకాల్ ఒకదాని స్థానంలో ఒకటి వచ్చేస్తాయి. అందుకే కింది అడ్డవరస కూడి చూడాలి. 24, 16 కలిస్తే 40. నువ్వూ బాబాయ్ గుర్తు పెట్టిన స్పామ్ కూడా 40. సరిపోయింది, సరిగ్గానే చదువుతున్నాం.

ఇప్పుడు బాబాయ్ రెండు ఫిర్యాదులూ విడివిడిగా చూడు. లోన్ మెయిల్స్ ఇంకా వస్తున్నాయన్నాడు కదా. ఉన్న స్పామ్ 40లో నీ ఫిల్టర్ పట్టింది 16. మిగతా 24 దర్జాగా ఇన్‌బాక్సులో కూర్చున్నాయి. అంటే రీకాల్ 40 శాతం. రెండోది ఇండోర్ ఆర్డర్. నీ ఫిల్టర్ "ఇది స్పామ్" అని పక్కన పడేసినవి మొత్తం 28, అందులో 12 మంచి మెయిల్స్. 28లో 16 మాత్రమే నిజంగా స్పామ్ కాబట్టి ప్రెసిషన్ 57. స్పామ్ ఫోల్డర్ తెరిస్తే దాదాపు సగం షాపు వ్యాపారమే కనబడుతుందన్నమాట.

మరి 98.2 ఎక్కడిది? 1948 నుంచి. మంచి మెయిల్‌ని మంచి మెయిల్ అనడం పెద్ద విద్యేమీ కాదు, వందకి 98 అవే. అసలు ఏ మోడలూ లేకుండా, వచ్చిన ప్రతి మెయిల్‌నీ కళ్లు మూసుకుని "మంచిదే" అనేశావనుకో. 2000కి 1960 కరెక్టు. 98.0 శాతం.

కృష్ణలంక కుర్రోడు · రాత్రి 11:02

అంటే ఏమీ చేయకుండా ఉంటే 1960, నా మోడల్ 1964. ఇంత చేసి నాలుగు మెయిల్స్ తేడానా?

ఇంకో డౌట్. రిపోర్టులో ప్రెసిషన్ కూడా 0.98 అనే ఉంది. గైడ్ గారు చూసింది ఆ లైనే.

పటమట కోడర్ · రాత్రి 11:10

`classification_report` చివర్లో `weighted avg` అని ఉంటుంది, ఆ లైనేనా? అది రెండు తరగతుల ప్రెసిషన్‌నీ వాటి సంఖ్యను బట్టి కలిపేస్తుంది. 1960 మంచి మెయిల్స్ ముందు 40 స్పామ్ గొంతు ఎవరికి వినపడుతుంది? అందుకే అక్కడా 0.98 వచ్చింది. నువ్వు చూడాల్సింది పైన `1` అని రాసి ఉన్న వరస ఒక్కటే. మంచి మెయిల్‌ని 1గా పెట్టుకున్నా ఇదే మోసం జరుగుతుంది, ప్రెసిషన్ 98.8, రీకాల్ 99.4 వచ్చి ఇంట్లోవాళ్లకి స్వీట్లు పంచుతాం. అవి మంచి మెయిల్స్ లెక్కలు, స్పామ్ లెక్కలు కావు. అందుకే ముందే అడిగాను, ఏది 1 అని.

బ్రాడీపేట మాస్టారు · ఆదివారం ఉదయం 6:15

నేను స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. ఈ గొడవ కంప్యూటర్లతో మొదలవలేదు బాబూ. 1884లో అమెరికా సైన్యం సిగ్నల్ విభాగంలో ఫిన్లే అనే ఆయన టోర్నడోలు వస్తాయో రావో ముందే చెప్పే ప్రయత్నం చేశాడు. మొత్తం 2803 సూచనలు ఇచ్చాడు. 100 సార్లు "వస్తుంది" అంటే 28 సార్లు వచ్చింది. "రాదు" అన్నప్పుడు 23 సార్లు వచ్చింది. మిగతా 2680 సార్లు రాదన్నాడు, రాలేదు. లెక్క కడితే 96.6 శాతం సరైనవి.

అదే ఏడాది గిల్బర్ట్ అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త, అసలు ఎప్పుడూ "రాదు" అని చెప్పి పడుకుంటే 98.2 శాతం వచ్చేదని చూపించాడు. చిత్రంగా నీ మోడల్‌కి వచ్చిన అంకె కూడా అదే.

ఇక్కడ చాలామంది నవ్వేసి ముందుకు పోతారు, అసలు విషయం ఆ తర్వాత ఉంది. పడుకున్నవాడి కన్నా ఫిన్లే యాక్యురసీ తక్కువే. అలాగని ఆయన పని పనికిరానిదా? వచ్చిన టోర్నడోలు 51, అందులో 28 ముందే చెప్పాడు. పడుకున్నవాడు ఒక్కటి కూడా చెప్పలేదు. కాబట్టి అరుదైన వాటి దగ్గర యాక్యురసీ పనికిమాలిన మోడల్‌ని మెచ్చుకోవడమే కాదు, పనికొచ్చే మోడల్‌ని కిందికి కూడా తోస్తుంది. ఈ రెండో వైపు గుర్తు పెట్టుకో, నీకు ముందు ముందు పనికొస్తుంది.

బెంజిసర్కిల్ డేటా · ఉదయం 8:30

ఇంత చర్చ అక్కర్లేదు ఫ్రెండ్స్. సమస్య డేటా ఇంబ్యాలెన్స్. స్పామ్ మెయిల్స్‌ని కాపీలు చేసి పెంచు, లేదా ఉన్నవాటిని పోలిన కొత్తవి తయారుచేసే స్మోట్ వాడు, మొత్తం డేటాని 50-50 చేసెయ్. అప్పుడు యాక్యురసీ నమ్మొచ్చు. మా టీమ్‌లో ఎప్పుడూ ఇదే చేస్తాం.

పటమట కోడర్ · ఉదయం 9:12

సగం ఒప్పుకుంటాను. ట్రైనింగు డేటాని సమం చేస్తే మోడల్ స్పామ్ వైపు కాస్త శ్రద్ధగా చూస్తుంది, నిజమే. కానీ "మొత్తం డేటా" అన్నావు చూడు, అక్కడే గొడవ. టెస్టు డేటాని ముట్టుకోకూడదు. కాపీలు చేసి ఆ తర్వాత ట్రైనింగు, టెస్టు విడగొడితే ఇంకా ఘోరం. ఒకే మెయిల్ ఇటూ అటూ పడుతుంది, మోడల్ చూసిన ప్రశ్నే పరీక్షలో వస్తుంది.

నమ్మకం లేకపోతే ఈ కుర్రాడి మోడల్‌తోనే లెక్క కట్టు. మోడల్ ఒక్క అక్షరం మార్చొద్దు, టెస్టు మాత్రమే 1000 స్పామ్, 1000 మంచి మెయిల్స్ అనుకో. స్పామ్‌లో 40 శాతం పడుతుంది కాబట్టి 400. మంచివి 1960లో 12 పోయాయి, ఆ లెక్కన 1000కి 6 పోతాయి. స్పామ్ అన్నవి 406, అందులో నిజం స్పామ్ 400. ప్రెసిషన్ 98.5!

అదే మోడల్. షాపులో 57, నీ 50-50 టెస్టులో 98.5. రీకాల్ కదల్లేదు, ఎందుకంటే అది స్పామ్ మెయిల్స్ లోపలి లెక్క. ప్రెసిషన్‌లో మాత్రం మంచి మెయిల్స్ గుంపులోంచి పొరపాటున వచ్చిపడేవి కలుస్తాయి. ఆ గుంపు ఎంత పెద్దదైతే అంత చెత్త వచ్చిపడుతుంది. బాబాయ్ బాక్సులో ఒక స్పామ్‌కి 49 మంచి మెయిల్స్ ఉన్నాయి, కాబట్టి టెస్టులోనూ అలాగే ఉండాలి.

అందరూ వాడే ఆ ఎస్సెమ్మెస్ డేటాకీ ఇదే వర్తిస్తుంది. 5574 మెసేజ్‌ల్లో 747 స్పామ్, అంటే వందకి 13కి పైనే. దాని మీద వచ్చిన ప్రెసిషన్ చూసుకుని వందకి రెండు స్పామ్ ఉన్న బాక్సులో పెడితే దెబ్బ తింటాం.

బెంజిసర్కిల్ డేటా · ఉదయం 9:40

టెస్టు విషయం ఓకే, చూస్తాను. కానీ ట్రైనింగులో స్మోట్ వేస్తే ప్రెసిషన్ కూడా పెరుగుతుందని నా అనుభవం.

పటమట కోడర్ · ఉదయం 9:44

నా అనుభవంలో రీకాల్ పెరిగి ప్రెసిషన్ తగ్గింది. డేటాని బట్టి ఉంటుందేమో. ఇక్కడ తేలేది కాదులే.

ల్యాబ్ సుజాత · ఉదయం 11:25

నాకు ప్రోగ్రామింగ్ రాదు, గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మీరు రీకాల్ అంటున్నదాన్నే మేం సెన్సిటివిటీ అంటాం. మా దగ్గర రోగం ఉన్నవాణ్ణి లేదని పంపడం కన్నా పెద్ద తప్పు ఇంకోటి లేదు. నన్నడిగితే తమ్ముడు రీకాల్ 95 దాకా తేవాలి, ప్రెసిషన్ తర్వాత చూసుకోవచ్చు. హెచ్‌ఐవీ టెస్టులో మొదటి కిట్‌లో రియాక్టివ్ వస్తే అదే రిపోర్టు చేతికివ్వం. వేరే రకం కిట్లతో మళ్లీ చేసి అప్పుడు చెబుతాం. ఎందుకంటే వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఏమీ ఉండదు, కిట్ ఎంత మంచిదైనా తప్పుగా రియాక్టివ్ వచ్చేవాళ్లు కొందరు ఉంటారు.

మిర్చియార్డు రావు · మధ్యాహ్నం 12:10

సుజాత గారూ, ల్యాబ్ లెక్క వేరు, కొట్టు లెక్క వేరండీ. లోన్ మెయిల్ ఒకటి లోపలికొస్తే మా గుమస్తా ఒక్క నొక్కు నొక్కి తీసేస్తాడు. ఇండోర్ పార్టీ 200 టిక్కీల తేజ రకం మిర్చి కావాలని పొద్దున మెయిల్ పెట్టి, మధ్యాహ్నం దాకా మన జవాబు రాకపోతే పక్క షాపులో కొనేస్తాడు. మళ్లీ సీజన్‌కి మన మొహం కూడా చూడడు. నాకు ప్రెసిషన్ కావాలి. స్పామ్ పట్టకపోయినా పర్లేదు, నా పార్టీ మెయిల్ మాత్రం ముట్టుకోవద్దు.

బాబూ, ఆ ఇండోర్ మెయిల్లో ఏముందో, ఎందుకు పట్టుకుందో చూశావా?

కృష్ణలంక కుర్రోడు · మధ్యాహ్నం 1:35

చూశాను అంకుల్. ఆ ఇండోర్ మెయిల్, టెస్టులో పొరపాటున పోయిన 12 మెయిల్స్ తెరిచి చదివితే నవ్వొచ్చింది. ఇండోర్ ఆయన "అర్జెంట్", "బెస్ట్ ప్రైస్", "ఆఫర్ టుడే" అన్నీ ఒకే మెయిల్లో రాశాడు, అదీ మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో. కొత్త పార్టీ, ట్రైనింగు మెయిల్స్‌లో ఆయన పేరు ఒక్కసారి కూడా లేదు. నాయీవ్ బేయిస్ ఒక్కో మాటనీ విడిగా చూసి ఆ బరువులన్నీ గుణించేస్తుంది కదా, ఈ మూడు మాటలూ కలిసేసరికి స్పామ్ అనేసింది. 12లో ఏడు ఇలాంటి రేట్లడిగే మెయిల్సే. "తేజ", "టిక్కీ", "క్వింటాల్" లాంటి మాటలు ఉంటే గట్టెక్కేవి. ఇండోర్ మెయిల్లో సరుకు వివరాలన్నీ అటాచ్‌మెంట్‌లో ఉన్నాయి, నా కోడ్ దాన్ని చదవదు.

పటమట కోడర్ · మధ్యాహ్నం 2:05

శభాష్. 12 మెయిల్సూ తెరిచి చదివావు చూడు, అంకెల్లో లేనిది అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు రావు గారి మాట ప్రకారం ఫిల్టర్‌ని మార్చొచ్చు, మోడల్ మళ్లీ ట్రైన్ చేయక్కర్లేదు. `predict` అంటే 0.5 దాటితే స్పామ్ అనేస్తుంది. ఆ గీతని నువ్వు జరుపుకో.

```
p = model.predict_proba(X_test)[:, 1]
pred = (p >= 0.9).astype(int)
print(confusion_matrix(y_test, pred))
```

0.9 దగ్గర ఒకసారి, 0.2 దగ్గర ఒకసారి చూసి చెప్పు.

కృష్ణలంక కుర్రోడు · మధ్యాహ్నం 2:50

0.9 దగ్గర:

```
[[1959    1]
 [  30   10]]
```

0.2 దగ్గర:

```
[[1890   70]
 [  10   30]]
```

గీత 0.9కి జరిపితే స్పామ్ అన్నవి 11, అందులో తప్పు ఒక్కటే. ప్రెసిషన్ 91. విడిగా నడిపి చూస్తే ఇండోర్ మెయిల్ కూడా బయటపడింది. కానీ 40లో 10 మాత్రమే పట్టింది, రీకాల్ 25కి పడిపోయింది.

0.2 దగ్గర 40కి 30 పట్టింది, రీకాల్ 75. ప్రెసిషన్ మాత్రం 30. మాస్టారు గారు చెప్పిన రెండో వైపు ఇక్కడ కనపడింది. దీని యాక్యురసీ 96.0, ఏమీ చేయకుండా ఉండేదాని కన్నా తక్కువ. స్పామ్ ఎక్కువ పట్టింది ఇదే, మార్కులు తక్కువ వచ్చిందీ దీనికే.

బ్రాడీపేట మాస్టారు · సాయంత్రం 4:20

చక్కగా పట్టుకున్నావు. ఒక జాగ్రత్త చెబుతాను. నీ దగ్గర స్పామ్ 40 మాత్రమే. ఒక్క మెయిల్ ఇటు నుంచి అటు పడితే రీకాల్ రెండున్నర పాయింట్లు కదులుతుంది. 0.9 దగ్గర ప్రెసిషన్ 91 అన్నావు, అది 11 మెయిల్స్ మీద వచ్చిన మాట. ఇంకొక్క మంచి మెయిల్ పోయుంటే 83. కాబట్టి రిపోర్టులో "90.9 శాతం" అని దశాంశాలతో రాయకు. "11లో 10" అని రాయి, చదివేవాడికి ఎంత నమ్మాలో తెలుస్తుంది.

పటమట కోడర్ · సాయంత్రం 4:45

ఇంకో రెండు మాటలు. గీత ఎక్కడ పెట్టాలో ఈ 2000 మెయిల్స్ చూసే నిర్ణయించి, మళ్లీ వీటి మీదే "ఇంత వచ్చింది" అని రాస్తే అది మనకి మనమే మార్కులేసుకోవడం. ట్రైనింగులోంచి చివరి నెల మెయిల్స్ పక్కకి తీసి, వాటిని వదిలి మళ్లీ ట్రైన్ చెయ్. గీత ఆ నెల మెయిల్స్ మీద పెట్టి, టెస్టు మీద ఒక్కసారే నడుపు.

0.9 అంటే "90 శాతం స్పామ్" అని కూడా అనుకోకు. నాయీవ్ బేయిస్ ఇచ్చే అంకెలు ఎక్కువగా ఆ చివరో ఈ చివరో ఉంటాయి. మాటలన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకుని గుణించేస్తుంది కదా, అందుకు. వరస పెట్టుకోవడానికి పనికొస్తాయి, అర్థం చెప్పుకోవడానికి కాదు.

బెంజిసర్కిల్ డేటా · సాయంత్రం 5:15

ఇన్ని అంకెలు ఎందుకు, ప్రెసిషన్, రీకాల్ రెంటినీ ఒకే అంకెగా కలిపే ఎఫ్1 ఒక్కటి చూస్తే చాలు కదా. 0.5 దగ్గర 0.47, 0.9 దగ్గర 0.39, 0.2 దగ్గర 0.43. కాబట్టి 0.5 బెస్ట్. అయిపోయింది.

మిర్చియార్డు రావు · సాయంత్రం 5:32

మీ బెస్ట్‌లోనే ఇండోర్ ఆర్డర్ పోయింది కదండీ.

బెంజిసర్కిల్ డేటా · సాయంత్రం 5:40

హహ. కానీ పది మోడల్స్ పోల్చాలంటే ఒకే అంకె కావాలి సార్.

పటమట కోడర్ · సాయంత్రం 6:02

పోల్చడానికి సరే. కానీ ఎఫ్1 ప్రెసిషన్‌కీ రీకాల్‌కీ సమానంగా విలువిస్తుంది. రావు గారికి ఒక ఆర్డర్ పోవడం ఎన్ని లోన్ మెయిల్స్ రావడంతో సమానం? యాభైయా, ఐదొందలా? అది ఆయనే చెప్పాలి, ఫార్ములా చెప్పదు.

ల్యాబ్ సుజాత · రాత్రి 7:50

అయితే మా పద్ధతే పెట్టొచ్చు కదా తమ్ముడూ. 0.9 దాటినవి స్పామ్ ఫోల్డర్లోకి. 0.2కీ 0.9కీ మధ్యవి దాచకుండా, ఇన్‌బాక్సులోనే "అనుమానం" అని రంగు వేసి వదిలెయ్. గుమస్తా రెండో కిట్ అనుకో.

కృష్ణలంక కుర్రోడు · రాత్రి 8:15

లెక్క చూశాను మేడం. మధ్యలో పడేవి 2000కి 89. అందులో స్పామ్ 20, మంచివి 69. బాబాయ్‌కి చెబితే "రంగులేసుకో, దాచకు" అన్నాడు. ఇది పెట్టి చూస్తాను. రిపోర్టు మొదటి పేజీలో యాక్యురసీ ఉండాల్సిందే అని గైడ్ గారు పట్టుబడుతున్నారు. ఉంచి, పక్కనే "అన్నీ మంచివే అంటే 98.0" అని ఒక వరస వేస్తున్నాను. మాస్టారూ, అలా రాయొచ్చా?

బ్రాడీపేట మాస్టారు · రాత్రి 8:40

నిక్షేపంగా రాయొచ్చు. కింద నాలుగు గళ్ల పట్టిక కూడా వెయ్యి.

మిర్చియార్డు రావు · రాత్రి 9:05

ఒక మాట అడగాలి. కోల్డ్ స్టోరేజీల వాళ్లు, బ్రోకర్లు రోజూ రేట్ల మెయిల్స్ పంపుతారు. నాకవి కావాలి, మా గుమస్తా చదవకుండానే తీసేస్తాడు. నువ్వూ మీ బాబాయ్ గుర్తు పెట్టినప్పుడు వాటిని ఎటు వేశారు?

కృష్ణలంక కుర్రోడు · రాత్రి 9:30

ఆ 40లో తొమ్మిది అవే అంకుల్. బాబాయ్ స్పామ్ అన్నాడు, పెట్టేశాను. మీ షాపులో అయితే అవి పై వరసలోకి వెళ్తాయి, లెక్కంతా మారుతుంది. వాటిని పట్టినవెన్నో వదిలినవెన్నో విడిగా చూడాలి.